నల్లపూసల గొలుసు, పుస్తెలు: ఏవి ఎక్కడ అరుగుతాయి, ఎలా కడగాలి, రిపేరుకి ఎప్పుడివ్వాలి

నల్లపూసల గొలుసు ఊడితే మన ఇళ్లలో మొదట వచ్చే మాట "పూస పగిలినట్టుంది" అని. పూస పగిలి గొలుసు ఊడడం చాలా తక్కువ. పూసల్ని కలిపే బంగారు తీగ లోలోపల అరిగి, ఒకరోజు జడ దువ్వుకుంటుంటేనో, చంకలో బిడ్డ పట్టి లాగితేనో విడిపోతుంది. ఆ అరుగుదల ముందుగా కంటికి కనబడుతుంది. చూడాల్సిన చోటు తెలిస్తే చాలు.

బంగారం అంగళ్లకు పేరుపడి, సెకండ్ బొంబాయి అనిపించుకున్న మా ప్రొద్దుటూరులో కూడా రిపేరుకి వచ్చే గొలుసుల్లో ఎక్కువ భాగం పూర్తిగా ఊడిన తరవాతే వస్తాయి. అప్పటికి నాలుగు పూసలో, ఒక గుండో, ఒక్కోసారి పుస్తె కూడా ఎక్కడో రాలిపోయి ఉంటుంది.

డిజైన్ కన్నా ముందు కట్టుబడి చూడండి

అంగడికి పోతే డిజైన్ల పేర్లు బోలెడు చెప్తారు. ఒక వరస, రెండు వరసలు, లాకెట్‌ది, గుండ్లది, పొట్టిది, పొడుగుది. చూడడానికి అన్నీ వేరు వేరే. గొలుసు ఎన్నాళ్లు నిలుస్తుందో, రిపేరు ఎలా ఉంటుందో తెలియాలంటే మాత్రం దాన్ని దేనితో కట్టారో చూడాలి. ఆ లెక్కన మన దగ్గర కనబడేవి మూడు రకాలు.

మొదటిది పుస్తెలతాడు. అంతా బంగారమే, తాడులా మెలిపెట్టిన గొలుసు. దానికి రెండు పుస్తెలు, వాటి పక్కన గుండ్లు, పగడాలు, లక్ష్మీకాసులు ఇంటి ఆనవాయితీని బట్టి ఉంటాయి. పెళ్లిలో పసుపు తాడుకు కట్టిన పుస్తెల్ని పదహారు రోజుల పండుగ నాడో, ఆ తరవాతో ఈ గొలుసులోకి మారుస్తారు. ఒక పుస్తె పుట్టింటిది, ఒకటి అత్తింటిది. రెంటి ఆకారం ఒక్కోసారి కాస్త తేడాగా ఉంటుంది, అది తప్పు కాదు. కొత్తగా చేయించేటప్పుడు అత్తగారి పుస్తెనో, తోడికోడలి పుస్తెనో ఆచారికి చూపించడం మంచిది. ఫోన్లో ఫొటో చూపిస్తే ముందు వైపు వస్తుంది గానీ వెనక గొట్టం ఎంత లావో, పుస్తె లోతు ఎంతో తెలియదు.

రెండోది బంగారు తీగతో అల్లిన నల్లపూసల గొలుసు. ఒక్కో పూసలోంచి చిన్న తీగ దూర్చి, రెండు కొసల్నీ కొంకీలుగా వంచి, పక్క పూస కొంకీలో తగిలిస్తారు. రోజువారీ వాడకంలో ఎక్కువగా కనిపించేది ఇదే, అరిగేదీ ఇదే.

మూడోది దారం మీదో నైలాన్ మీదో గుచ్చిన పూసలు. ముస్లిం ఇళ్లలో వేసుకునే నల్లపూసల లచ్ఛాలో లాగా పేటలు పేటలుగా కూడా ఉంటాయి. వీటిలో బంగారం అరుగుదల తక్కువ, దారం పాడవడం ఎక్కువ. దారం నూగులేచినట్టు కనబడినా, పూసల మధ్య సందు పెరిగి దారం బయటికి కనబడినా మళ్లీ గుచ్చించాలి. ఈ రకం గురించి ఇంతకన్నా పెద్దగా చెప్పేదేం లేదు. నీళ్లలో మాత్రం నానబెట్టకండి. దారం లోపల తడి ఆరదు, అక్కడే కుళ్లుతుంది.

ఇక మిగతాదంతా ఎక్కువగా రెండో రకం గురించే.

కొనేటప్పుడు ఒక్క సంగతి చూసుకోండి. కొంకీ రెండు విధాలుగా వేస్తారు. తీగ కొసను గుండ్రంగా వంచి వదిలేయడం ఒకటి. వంచిన తరవాత ఆ కొసను పూస దగ్గర రెండు మూడు చుట్లు చుట్టడం రెండోది. చుట్టిన కొంకీ లాగినా తెరుచుకోదు, కాస్త బంగారం ఎక్కువ పడుతుంది. వదిలేసినది తేలిగ్గా రిపేరవుతుంది, అంతే తేలిగ్గా తెరుచుకుంటుంది. రోజూ మెడలో ఉండేదైతే చుట్టినదే తీసుకోమంటాను. పండగలకూ పెళ్లిళ్లకూ వేసుకునేదైతే ఏదైనా ఒకటే.

ఎక్కడ అరుగుతుంది, ఎందుకు

22 క్యారెట్ల బంగారం మెత్తటి లోహం. నల్లపూస మామూలుగా గాజు, బంగారం కన్నా చాలా గట్టిది. పూస రంధ్రం అంచు తీగను కోస్తూ ఉంటుంది. కొంకీ కొంకీని రాపాడుతూ ఉంటుంది. దీనికి తోడు మనం రోజూ పెట్టే పసుపు, కుంకుమ, పౌడరు, మీద పడే దుమ్ము, చెమట, తలనూనె కలిసి కొంకీల సందుల్లో ముద్దలా పట్టుకుంటాయి. ఆ ముద్దే గరుకు కాగితంలా బంగారాన్ని గీకుతుంది. మురికి పట్టిన గొలుసు నల్లగా కనబడడంతో ఆగదు, తొందరగా అరుగుతుంది కూడా.

అరుగుదల గొలుసంతా సమానంగా ఉండదు. మెడ వెనక కొక్కేనికి అటూ ఇటూ ఉన్న నాలుగైదు కొంకీలు మొదట పోతాయి. బరువు అక్కడ వేలాడుతుంది, జడ అక్కడ రాసుకుంటుంది. తరవాత లాకెట్‌కి రెండు పక్కలా ఉన్నవి. మూడోది చాలామంది గమనించని చోటు: పుస్తెలతాడు, నల్లపూసలు రెండూ కలిపి వేసుకుంటే ఒకదాని మీద ఒకటి పడే భాగం. పొట్టి నల్లపూసలు, పొడుగు పుస్తెలతాడు వేసుకునేవాళ్లకు మెడ పక్కల ఈ రాపిడి ఉంటుంది.

ఇంకొకటి పిన్నీసులు. చీర కుచ్చిళ్లకు పనికొస్తాయని పుస్తెలతాడుకి మూడు నాలుగు పిన్నీసులు తగిలించుకోవడం మన ఇళ్లలో మామూలే. పిన్నీసు స్టీలుది. నడిచినప్పుడల్లా అది పుస్తె గొట్టానికీ, పక్క గుండుకీ తగులుతూ గీతలు పెడుతుంది. పెద్దావిడల పాత పుస్తెలు వెనక్కి తిప్పి చూడండి, గొట్టం పక్కన గాట్లు కనబడతాయి. పిన్నీసులు గాజులకో పర్సుకో మార్చుకుంటే పుస్తె ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది.

కడగడం

ముందు మెడలో పసుపు కొమ్ము కట్టిన పసుపు తాడు వేసుకుని, ఆ తరవాతే గొలుసు తీయండి. చాలా ఇళ్లలో మంగళ, శుక్రవారాలు తీయరు, దానికి తగ్గట్టు రోజు చూసుకోండి. నెలకొకసారి కడిగితే చాలు. ఎండాకాలంలో, చెమట ఎక్కువ పట్టేవాళ్లు రెండు వారాలకోసారి కడుక్కోవచ్చు.

ఒక వెడల్పాటి గిన్నెలో గోరువెచ్చటి నీళ్లు పోయండి. వేడినీళ్లు వద్దు. పుస్తెల్లో, గుండ్లలో కొన్నింటికి లోపల లక్క నింపి ఉంటుంది, వేడికి అది మెత్తబడి కారుతుంది. నీళ్లలో రెండు కుంకుడుకాయల రసం పిండండి, లేదంటే గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు వేయండి. కుంకుడు రసం పాతకాలం పద్ధతే అయినా ఈ పనికి అంతకన్నా మంచిది ఏదీ లేదు. నురగ వస్తుంది, జిడ్డు వదులుతుంది, బంగారాన్ని గీకదు.

గొలుసు ఐదు నిమిషాలు అందులో ఉంచి, చిన్నపిల్లల మెత్తటి టూత్‌బ్రష్‌తో కొంకీల సందుల్లో రుద్దండి. పూసల మీద కాదు, సందుల్లోనే మురికంతా ఉంటుంది. కుళాయి కింద పట్టుకుని కడగొద్దు. రెండో గిన్నెలో మంచినీళ్లు పోసి అందులో ముంచండి. ఊడిన పూస ఏదైనా ఉంటే గిన్నెలో ఉంటుంది, సింకు గొట్టంలోకి పోదు.

మా వైపు బోరు నీళ్లతో ఒక చిక్కుంది. ఆ నీళ్లలో ఉప్పు, సున్నం ఎక్కువ, ఆరిన తరవాత పూసల మీద తెల్లటి పొరలా మిగులుతుంది. పూసలు రంగు పోయాయని అనుకుంటారు గానీ అది నీళ్ల మరకే. చివరి ముంచడం ఫిల్టర్ నీళ్లతో చేసి, పాత నూలు పంచె ముక్కతో తుడిచి, నీడలో ఆరబెట్టండి. తుడిచినా నిగనిగ రాకపోతే పూస మీద గీతలు పడ్డాయని అర్థం. అది మళ్లీ రాదు, ఆ పూస మార్చించడమే.

పగడాలు, ముత్యాలు ఉన్న గొలుసును సబ్బు నీళ్లలో ముంచొద్దు. తడి గుడ్డతో తుడిచి, వెంటనే పొడి గుడ్డతో ఒత్తండి. పగడానికీ ముత్యానికీ పులుపు పడదు. చింతపండు, నిమ్మకాయ, వెనిగర్‌తో బంగారం తళతళలాడుతుందని ఎవరైనా చెప్తే ఆ గొలుసులో పగడం ఉందేమో ముందు చూసుకోండి. పులుపు పగడం పైపొరను తినేసి, దాన్ని సుద్దలా చేస్తుంది.

టూత్‌పేస్టు, సబీనా లాంటి తోమే పొడులు, బ్లీచింగ్ వద్దు. ఇంట్లో పగిలిన థర్మామీటర్ పాదరసాన్ని ఉంగరం, గొలుసు ఉన్న చేత్తో ఎత్తొద్దు. తగిలిన చోట బంగారం తెల్లబడిపోతుంది, అది తుడిస్తే పోదు.

ఇంకో మాట. ఇంటికొచ్చి "అమ్మా, పుస్తెలకు మెరుగు పెడతాం, పావుగంటలో కొత్తవైపోతాయి" అనేవాళ్లకు చేతికివ్వొద్దు. నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాలు కలిపిన ద్రావకంలో బంగారం కరుగుతుంది. వాళ్ల గిన్నెలో నీళ్లు రంగు మారడం మురికి వల్ల కాదు, మీ బంగారం వల్ల. వస్తువు నిజంగానే మెరుస్తుంది, బరువు మాత్రం తగ్గి ఉంటుంది.

కడిగిన తరవాత చూడాల్సినవి

గొలుసు శుభ్రంగా ఉన్నప్పుడే తనిఖీ చేయాలి. మురికి ఉంటే అరిగిన చోటు నిండినట్టే కనబడుతుంది.

తెల్ల గుడ్డ పరిచి దాని మీద గొలుసును తిన్నగా చాపి పెట్టండి. ఫోన్ కెమెరా జూమ్ చేసి ఒక్కో కొంకీ చూడండి. కొంకీ గుండ్రంగా ఉండాలి. కోలగా, సొట్టగా సాగి ఉంటే లాగుడు పడిందని అర్థం. తరవాత కొంకీ లోపలి వంపు చూడండి, అంటే పక్క కొంకీ వచ్చి ఆనే చోటు. అక్కడి తీగ మందాన్ని పూస దగ్గరి తీగ మందంతో పోల్చండి. పూస పక్కన తీగ అంతగా అరగదు, అదే కొలబద్ద. లోపలి వంపులో మందం సగానికి వచ్చి ఉంటే ఆ కొంకీ ఇక నమ్మడానికి లేదు.

ఒక దూది పింజ తీసుకుని గొలుసు మీద మెల్లగా లాగండి. దూది ఎక్కడ చిక్కుకుంటే అక్కడ తీగ కొస లేచి ఉంది. చీరకొంగు దారాలు పీకుతున్న గొలుసులో దోషం కూడా ఇదే.

చివరగా టేపుతో పొడవు కొలవండి. కొన్నప్పటి పొడవు తెలిస్తే ఇది చాలా మంచి పరీక్ష. పద్దెనిమిది అంగుళాల గొలుసు ముప్పావు అంగుళం పెరిగిందంటే బంగారం పెరగలేదు. వంద చోట్ల కొంకీలు కొంచెం కొంచెం అరిగి, సాగి, ఆ సందులన్నీ కలిసి పొడవయ్యాయి.

పుస్తెకి చూడాల్సింది ఒక్కటే, వెనక గొట్టం. గొలుసు దూరే ఆ గొట్టం పైఅంచు పలచబడి, గోరుతో నొక్కితే వంగుతుంటే అప్పుడే ఇచ్చేయండి. గొట్టం చీలితే పుస్తె ఎప్పుడు జారిందో కూడా తెలియదు. ముందు వైపు చిన్న సొట్టలు పడితే కంగారు అక్కర్లేదు, ఎలాగూ గొట్టం పని చేయించేటప్పుడు వాటినీ సరిచేయించుకోవచ్చు.

ఒక గొలుసు లెక్క

మా వదిన నల్లపూసల గొలుసు లెక్క చెప్తాను. పద్దెనిమిది అంగుళాలది, ఎనభై నల్లపూసలు, ఇరవై బంగారు గుండ్లు, చిన్న లాకెట్. కొన్నప్పుడు బిల్లులో మూడు బరువులు రాయించింది: మొత్తం 12.100 గ్రాములు, పూసలు 2.400, బంగారం 9.700. అంటే ఒక్కో పూస 30 మిల్లీలు. ఈ మూడూ రాయించడం వల్లే తరవాత లెక్క కుదిరింది. చాలా బిల్లుల్లో మొత్తం బరువు ఒక్కటే ఉంటుంది, తరవాత ఎంత అరిగిందో తేల్చడానికి దారి ఉండదు.

ఏడేళ్లు రోజూ వేసుకుంది. ఒకరోజు మూడు చోట్ల పూస లేకుండా ఉత్త తీగ కనబడితే, "పూసలు రాలినాయి, మూడు పూసలు వేయి ఆచారీ" అని తీసుకెళ్లింది. ఆయన భూతద్దం పెట్టి చూసి, "పూసలదేం ల్యాదమ్మా, అవి తగిలి పగిలినాయి. కొక్కెం కాడ తీగ చూడు, వెంట్రుక మాదిరి అయింది" అన్నాడు. తూకం వేస్తే 11.640 వచ్చింది. మిగిలిన 77 పూసల బరువు 2.310 తీసేస్తే బంగారం 9.330. ఏడేళ్లలో 370 మిల్లీల బంగారం అరిగింది, అదీ ఎక్కువ భాగం కొంకీల్లోంచే.

సగానికి పైగా అరిగిన తీగలు లెక్కపెడితే పద్నాలుగు వచ్చాయి. పూసలు లేని ఆ మూడు కూడా వాటిలోవే. పాత తీగలు పద్నాలుగూ తీసి తూస్తే 490 మిల్లీలు. కొత్త తీగ ఒక్కోదానికి 45 మిల్లీల చొప్పున 630. అంటే ఆమె డబ్బు కట్టాల్సింది 140 మిల్లీల బంగారానికీ, మూడు పూసలకీ, మజూరీకీ. పాత తీగలను లెక్కలోకి తీసుకోకపోతే 630 మిల్లీలకు కట్టాల్సి వచ్చేది. మొత్తం 11.870కి రావాలి, వచ్చింది.

ఈ లెక్క మీరూ వేసుకోవచ్చు. రిపేరుకి ముందు బరువు, తీసిన పాత బంగారం బరువు, వేసిన కొత్త బంగారం బరువు, కొత్త పూసల బరువు. ముందు బరువులోంచి రెండోది తీసేసి, మిగతా రెండూ కలిపితే వచ్చే అంకే తిరిగి ఇచ్చేటప్పుడు తక్కెడలో కనబడాలి. అతుకు వేసి ఉంటే ఐదో పదో మిల్లీలు తేడా వస్తుంది, దానికి గొడవ పడక్కర్లేదు.

అరిగిన కొంకీలు మొత్తంలో ఐదో వంతు లోపు ఉంటే వాటినే మార్చించండి. అంతకు మించితే గొలుసంతా మళ్లీ అల్లించడం మేలు. అరిగిన తీగల మధ్య కొత్తవి నాలుగు వేస్తే, కొత్తవి గట్టిగా ఉండి పక్కనున్న బక్కవి ముందు పోతాయి. ఆరు నెలలకే మళ్లీ మజూరీ కట్టాల్సి వస్తుంది.

ఆచారికి ఇచ్చేటప్పుడు

మీ ఎదుటే తూకం వేయించి, చీటీ మీద రాయించుకోండి. పూసలు, గుండ్లు ఎన్నో కూడా రాయించండి. కొత్త తీగ 22 క్యారెట్లదే వేయమని నోటితో చెప్పండి. తక్కువ క్యారెట్ తీగ గట్టిగా ఉంటుందన్న మాట నిజమే కానీ, రేపు ఆ గొలుసు మార్చేటప్పుడు అంగడివాళ్లు మొత్తానికీ తక్కువ కడతారు.

నిప్పు పని ఎక్కడ చేస్తారో అడగండి. పుస్తె గొట్టానికో కొక్కేనికో టంకం వేయాలంటే వెలిగారం రాసి మంట ఊదాలి. ఆ మంట దరిదాపుల్లో నల్లపూస గానీ పగడం గానీ ఉంటే చిట్లిపోతుంది. మంచి పనివాడు ముందు పూసలన్నీ విడదీసి పక్కన పెట్టి, పుస్తెలో లక్క ఉంటే అది తీసి, అతుకు వేసి, మళ్లీ లక్క నింపి, ఆ తరవాత అల్లుతాడు. దీనికి ఒక పూట పడుతుంది. అరగంటలో ఇచ్చేస్తామన్నారంటే పూసలు విడదీయడం లేదని అనుకోవచ్చు. లేజర్ మిషన్ ఉన్న చోట మాత్రం వేడి ఒక్క చుక్క మేరకే తగులుతుంది కాబట్టి పూసలు తీయకుండా కూడా చేయగలరు.

హాల్‌మార్క్ ముద్ర ఎక్కడుందో ఇచ్చే ముందు చూసుకోండి. నల్లపూసల గొలుసులో ముద్ర వేయడానికి పూసల దగ్గర చోటుండదు, అందుకే కొక్కెం మీదో లాకెట్ వెనకో ఉంటుంది. 22K916 అన్న గుర్తు, ఆరక్షరాల HUID నంబరు అక్కడ కనబడతాయి. 2023 ఏప్రిల్ 1 నుంచి అంగళ్లలో అమ్మే బంగారు నగలకు ఈ ఆరక్షరాల నంబరు తప్పనిసరి. కొక్కెం మార్చాలని ఆచారి చెప్తే, ముద్ర దాని మీదే ఉంటే, నంబరు పోతుంది. అప్పుడు పాత కొక్కేనికే అతుకు వేయమనండి, కుదరకపోతే ఆ ముక్క మీరే తెచ్చుకుని బిల్లుతో కలిపి దాచుకోండి. నంబరు సరైనదో కాదో ఫోన్లో BIS CARE యాప్ తెరిచి Verify HUID లో కొట్టి చూసుకోవచ్చు. రెండు గ్రాముల లోపు వస్తువులకు హాల్‌మార్క్ తప్పనిసరి కాదు. చాలా పుస్తెలు ఆ బరువు లోపే ఉంటాయి, కాబట్టి పుస్తె మీద ముద్ర లేదని అనుమానపడక్కర్లేదు. అలాంటివాటికి బిల్లులో క్యారెట్ రాయించుకోవడమే ఆధారం.

ఎప్పుడైనా గొలుసు అకస్మాత్తుగా మెడలోనే ఊడితే, ముందు కదలకుండా నిలబడి కొంగులో పడినవి పట్టుకోండి. ఆ గదిలో ఆ పూట చీపురు పెట్టొద్దు. దొరికినవన్నీ, విరిగిన తీగ ముక్కలతో సహా, కాగితంలో పొట్లం కట్టండి. ఆ తీగ ముక్కలూ బంగారమే, తూకంలోకి వస్తాయి. పుస్తెలు పసుపు తాడుకు ఎక్కించుకుని వేసుకోండి. మిగిలిన గొలుసును కుట్టు దారంతో ముడేసి రెండు రోజులు గడిపేద్దామనుకోవద్దు, ఒకటి విడిపోయిందంటే దాని పక్కవీ అదే స్థితిలో ఉంటాయి.

రిపేరు అయి ఇంటికొచ్చిన గొలుసు పొడవు ఆ రోజే టేపుతో కొలిచి, బిల్లు వెనక తేదీతో రాసి పెట్టుకోండి. వచ్చే ఏడాది కొలిచినప్పుడు పోల్చడానికి ఆ అంకే పనికొస్తుంది.